ప్లీజ్, కైండ్లీ లేకుండా మర్యాదగా అడగడం: ప్రభుత్వ కార్యాలయానికి రాసే మెయిల్ గురించి

ప్రభుత్వ కార్యాలయానికి ఇంగ్లీషులో మెయిల్ రాయడానికి కూర్చుంటే మనలో చాలామందికి ముందుగా తోచే మాటలు రెండే. ఒకటి ప్లీజ్, రెండోది కైండ్లీ. మొదటి వాక్యంలో కైండ్లీ, రెండో వాక్యంలో ప్లీజ్, మూడో వాక్యంలో రెండూ కలిపి వేస్తాం. వేయకపోతే అవతలి అధికారికి మర్యాద తక్కువైందేమో అనిపిస్తుందని భయం. ఈ మాటల్లో తప్పేమీ లేదు. ఒక మెయిల్లో ఒక ప్లీజ్ ఉంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ ప్రతి వాక్యానికీ అవే తగిలించినప్పుడు మెయిల్ బతిమాలినట్టు ఉంటుంది, అసలు ఏం కావాలో మాత్రం తేలదు.

ఈ రెండు మాటలు ఎందుకు వస్తాయో చూస్తే మందు కూడా అక్కడే దొరుకుతుంది. మనం ముందు ఆజ్ఞ రాస్తాం. ‘కరెక్ట్ ద నేమ్’ అంటే పేరు సరిచేయి అని. అది కటువుగా వినిపిస్తుందని తోచి ముందు ప్లీజ్ చేరుస్తాం. ‘ప్లీజ్ కరెక్ట్ ద నేమ్’ అన్నా లోపల ఉన్నది ఆజ్ఞే, పైన కాస్త తేనె పూశామంతే. కైండ్లీ సంగతీ ఇంతే. మన దేశంలో దాన్ని గౌరవంగానే వాడతారు కానీ, బ్రిటన్, అమెరికాల్లో ‘కైండ్లీ రిఫ్రైన్ ఫ్రమ్ స్మోకింగ్’ లాంటి బోర్డుల వల్ల అది కాస్త మందలింపుగా వినిపించే మాట. విదేశాల్లోని మనవాళ్లు అక్కడి వీసా, పన్ను కార్యాలయాలకు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. కాబట్టి మార్చాల్సింది ఆ మాటకంటే ముందు, దాని వెనకున్న క్రియను. వాక్యం ఆజ్ఞగా కాక అడగడంగా మొదలైతే ప్లీజ్ అవసరమే రాదు.

మరి ఎలా మొదలుపెట్టాలి? మనం అడుగుతున్నది ఏ రకమైనదో ముందు తేల్చుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాన్ని మనం అడిగేవి చాలావరకు మూడు రకాలు: చట్టం ప్రకారం మనకు రావలసినది, అధికారి విచక్షణ మీద ఆధారపడినది, కేవలం సమాచారం. ఒక్కోదానికి ఒక్కో వాక్యం సరిపోతుంది.

రావలసినది అడిగేటప్పుడు

చట్టమే ఇమ్మని చెప్పినదాన్ని అడిగేటప్పుడు నేరుగా ‘ఐ రిక్వెస్ట్’ అని మొదలుపెట్టడం అన్నిటికంటే మంచిది. ఇది వినయమైన మాటే కానీ, ఇందులో బతిమాలడం లేదు. సమాచార హక్కు చట్టం, 2005 దీనికి చక్కని ఉదాహరణ. ఆ చట్టంలోని 6(1) సెక్షన్ ప్రకారం సమాచారం కావలసిన వ్యక్తి రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ అడగవచ్చు. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదని 6(2) చెబుతోంది. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని 7(1) చెబుతోంది. ఇంత స్పష్టంగా హక్కు ఉన్నచోట ‘కైండ్లీ ప్రొవైడ్’ అని రాయడం కంటే ‘ఐ రిక్వెస్ట్ ద ఫాలోయింగ్ ఇన్ఫర్మేషన్ అండర్ సెక్షన్ సిక్స్ వన్’ అని రాయడం బాగుంటుంది. ఎందుకంటే ఆ సెక్షన్ పేరే అధికారికి ఇది ఏ దారిలో నడవాల్సిన కాగితమో చెబుతుంది.

అయితే సమాచార హక్కు కింద ‘ఎందుకు ఆలస్యమైందో ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్’ అని అడిగితే చిక్కు వస్తుంది. ఆ చట్టం కింద రికార్డులో ఉన్నదే ఇస్తారు. అధికారి కొత్తగా అభిప్రాయమో వివరణో తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో ఒక తీర్పులో చెప్పింది. అందుచేత వివరణ అడిగే బదులు, ఆ ఫైలులోని నోట్ షీట్ల నకళ్లు కావాలని అడగాలి. ఎంత మర్యాదగా అడిగినా, అడగకూడని రూపంలో అడిగితే ఖాళీ జవాబే వస్తుంది. ఇంకొక సంగతి: కేంద్ర కార్యాలయాలకు ఈ దరఖాస్తుకు 10 రూపాయల ఫీజు ఉంది. ఫీజు కట్టని ఉత్త మెయిల్‌ను సంపూర్ణమైన దరఖాస్తుగా చూడరు.

‘రిక్వెస్ట్’ వాడేటప్పుడు వ్యాకరణంలో రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ‘ఐ రిక్వెస్ట్ ఫర్ ఎ సర్టిఫికెట్’ అనడం. రిక్వెస్ట్ క్రియగా వచ్చినప్పుడు ఫర్ రాదు, ‘ఐ రిక్వెస్ట్ ఎ సర్టిఫికెట్’ అంటే చాలు. నామవాచకంగా వచ్చినప్పుడు మాత్రం ‘మై రిక్వెస్ట్ ఫర్ ఎ సర్టిఫికెట్’ సరైనది. రెండోది, ‘రిక్వెస్ట్ యు టు’ అని ‘ఐ’ లేకుండా మొదలుపెట్టడం. ఆఫీసుల లోపల అలా నడిచిపోతుంది కానీ, పౌరుడు రాసే మెయిల్లో అడిగేది ఎవరో వాక్యంలో కనపడాలి.

విచక్షణ మీద ఆధారపడినది అడిగేటప్పుడు

కాగితాలు ఇవ్వడానికి గడువు పెంచమనడం, విచారణ తేదీ మార్చమనడం, బకాయి వాయిదాల్లో కట్టనివ్వమనడం ఇలాంటివి. ఇక్కడ అధికారి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆ స్వేచ్ఛను గుర్తిస్తున్నామని వాక్యంలో తెలియాలి. ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు వుడ్ కన్సిడర్ ఎక్స్‌టెండింగ్ ద డేట్ టు 30 ఆగస్ట్’ అని రాస్తే, గడువును 30 ఆగస్టు దాకా పొడిగించే విషయం పరిశీలిస్తే కృతజ్ఞుణ్ణి అని అర్థం. ‘కన్సిడర్’ అనే మాటలోనే నిర్ణయం మీదే అని ఒప్పుకోవడం ఉంది. దాని తర్వాత కారణం ఒక వాక్యంలో, ఆధారం ఏదైనా ఉంటే దాన్ని జతచేసి చెప్పాలి.

ఇదే పనికి ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్’ అని కూడా రాయవచ్చు. అందులో ‘ఇట్’ మరవకూడదు. ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇఫ్ యు’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. ఇంకొకటి, కృతజ్ఞత మాట ఒక మెయిల్లో ఒకసారి వస్తేనే విలువ. నాలుగు వాక్యాలూ గ్రేట్‌ఫుల్‌తో మొదలైతే ప్లీజ్‌ను తీసేసి దాని స్థానంలో ఇంకోటి కూర్చోబెట్టినట్టే.

సమాచారం అడిగేటప్పుడు

ఏ కాగితాలు కావాలి, దరఖాస్తు ఎక్కడుంది, ఏ రోజు రావాలి లాంటివి అడిగేటప్పుడు ప్రశ్నే మర్యాద. ‘కుడ్ యు లెట్ మీ నో విచ్ డాక్యుమెంట్స్ ఆర్ స్టిల్ రిక్వైర్డ్?’ అంటే చాలు. ‘కెన్ యు’ కంటే ‘కుడ్ యు’ మెత్తన. ప్రశ్న రాసి చివర ప్రశ్నార్థకం పెడితే ఇంకో లాభం ఉంది: చదివే గుమాస్తా కన్ను దాని మీద ఆగుతుంది. ‘కైండ్లీ ఇంటిమేట్ ద స్టేటస్’ అనేదానికి ‘పరిశీలనలో ఉంది’ అని జవాబు రాసి ముగించవచ్చు. ‘ఈ దరఖాస్తు ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉంది, ఇంకా ఏ కాగితం కావాలి?’ అన్న ప్రశ్నకు అలా తప్పించుకోవడం కష్టం.

ఆఫీసు గొంతు మనది కాదు

మన మెయిళ్లలోకి ఈ మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా గమనించాలి. చాలావరకు ప్రభుత్వం మనకు రాసిన ఉత్తరాల్లోంచే. ప్రభుత్వ ఉత్తరాలకు కచ్చితమైన పద్ధతులున్నాయి. కేంద్ర సచివాలయపు ఆఫీస్ మెమొరాండం ‘ద అండర్‌సైన్డ్ ఈజ్ డైరెక్టెడ్ టు’ అని మొదలవుతుంది. కింద సంతకం చేసినవాడు తన సొంత మాట చెప్పడం లేదు, పైనుంచి ఆదేశం ప్రకారం రాస్తున్నాడు అని దాని అర్థం. మనకు నోటీసు వచ్చినప్పుడు ‘యు ఆర్ రిక్వెస్టెడ్ టు అపియర్’ అని ఉంటుంది. అది ఆఫీసు నుంచి పౌరుడికి వచ్చే గొంతు. పైకి విన్నపంలా కనిపించినా లోపల ఆదేశమే. ‘మే కైండ్లీ బి అప్రూవ్డ్’ అనేది ఫైలులో కింది ఉద్యోగి పై అధికారికి రాసే నోటు.

పౌరుడు కమిషనర్‌కు ‘యు ఆర్ రిక్వెస్టెడ్ టు కరెక్ట్’ అని రాస్తే, మర్యాదగా రాశానని అతను అనుకుంటాడు కానీ, చదివేవాళ్లకు అది పైనుంచి వచ్చిన మెమోలా ఉంటుంది. అదే వాక్యం ‘ఐ రిక్వెస్ట్’ అయితే గొంతు సరిపోతుంది. ‘డు ద నీడ్‌ఫుల్’ కూడా ఆఫీసు మాటే. చేయవలసినది చేయండి అంటే, చేయవలసినది ఏమిటో మనం చెప్పకుండా తప్పించుకున్నట్టు. ‘ఎట్ ద ఎర్లియెస్ట్’ కూడా అంతే. ఎప్పటికి కావాలో తేదీ చెప్పడం, ఎందుకు ఆ తేదీయో చెప్పడం దానికంటే వినయమైన పని.

ఒక మెయిల్‌ను సరిచేసి చూద్దాం

ఒక తండ్రి తన కూతురి జనన ధ్రువపత్రంలో తల్లి పేరు తప్పు పడిందని మున్సిపల్ కార్యాలయానికి రాస్తున్నాడనుకుందాం. మీసేవలో దరఖాస్తు పెట్టి ఐదు వారాలైంది. అమ్మాయి పాస్‌పోర్టుకు ఆ పత్రం కావాలి. ఆయన రాసిన మొదటి మెయిల్ ఇలా ఉంటుంది:

‘రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ నోట్ దట్ దేర్ ఈజ్ ఎ మిస్టేక్ ఇన్ మై డాటర్స్ బర్త్ సర్టిఫికెట్. ప్లీజ్ కరెక్ట్ ద సేమ్ ఎట్ ద ఎర్లియెస్ట్. ఐ కైండ్లీ రిక్వెస్ట్ యు టు ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్. థాంకింగ్ యు ఇన్ అడ్వాన్స్.’

మూడు వాక్యాల్లో కైండ్లీ రెండుసార్లు, ప్లీజ్ రెండుసార్లు వచ్చాయి. దరఖాస్తు నంబరు మాత్రం లేదు. తప్పు ఏమిటో లేదు. సరైన పేరు ఏమిటో లేదు. ఆధారం ఏమిటో లేదు. ‘ఐ కైండ్లీ రిక్వెస్ట్’ అంటే మరీ పొరపాటు. దయ చూపవలసింది అధికారి అయితే, ఈ వాక్యంలో దయతో అడుగుతున్నవాడు తండ్రే అయ్యాడు. చివర ‘థాంకింగ్ యు ఇన్ అడ్వాన్స్’ అనేది, పని అయిపోయినట్టే లెక్కవేసి ముందే కృతజ్ఞత చెప్పేయడం. ఉత్త ‘థాంక్ యు’ చాలు.

ఇప్పుడు చట్టం ఏం చెబుతోందో చూడాలి. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 15వ సెక్షన్ ప్రకారం, నమోదులో తప్పు ఉందని రిజిస్ట్రార్‌కు నమ్మకం కలిగేలా రుజువైతే ఆయన దాన్ని సరిచేయవచ్చు. అయితే అసలు నమోదును చెరపకూడదు. మార్జిన్‌లో సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. అక్షర దోషం లాంటిది ఒక దారి. అసలు విషయమే తప్పైతే నిబంధనలు ఇంకో దారి చెబుతాయి. ఆ దారిలో విషయం తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తుల ధ్రువీకరణ కావాలి. అంటే ఈ పని పూర్తిగా హక్కూ కాదు, పూర్తిగా దయా కాదు. రుజువు మన చేతిలో ఉంది, తీర్పు రిజిస్ట్రార్ చేతిలో ఉంది. కాబట్టి మెయిల్లో ‘ఐ రిక్వెస్ట్’ ఒకసారి, దాని పక్కనే ఆధారాలు, తర్వాత ఒక ప్రశ్న ఉంటే సరిపోతుంది.

విషయం అనే గడిలో ‘కరెక్షన్ ఆఫ్ మదర్స్ నేమ్ ఇన్ బర్త్ రికార్డ్’ అని, దాని తర్వాత మీసేవ దరఖాస్తు నంబరు పెట్టాలి. ‘అర్జెంట్’, ‘కైండ్ అటెన్షన్’ లాంటివి అక్కడ అక్కర్లేదు. మెయిల్ ఇలా సాగవచ్చు:

‘సర్, ఐ అప్లయిడ్ త్రూ మీసేవ ఆన్ 3 జూన్ టు కరెక్ట్ ద మదర్స్ నేమ్ ఇన్ మై డాటర్స్ బర్త్ రికార్డ్. ద రికార్డ్ షోస్ “లక్ష్మి”. ద కరెక్ట్ నేమ్ ఈజ్ “విజయలక్ష్మి”. కాపీస్ ఆఫ్ ద హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ అండ్ ద మదర్స్ ఆధార్ ఆర్ అటాచ్డ్. ఐ రిక్వెస్ట్ దట్ ద ఎంట్రీ బి కరెక్టెడ్ అండర్ సెక్షన్ 15 అండ్ ఎ ఫ్రెష్ సర్టిఫికెట్ ఇష్యూడ్. ఇఫ్ ఎనీ ఫర్దర్ డాక్యుమెంట్ ఈజ్ నీడెడ్, కుడ్ యు లెట్ మీ నో విచ్ వన్? అవర్ పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్ ఈజ్ ఆన్ 25 జూలై. థాంక్ యు.’

ఇందులో ప్లీజ్ లేదు, కైండ్లీ లేదు. అయినా ఎక్కడా కరుకుదనం కనపడదు. అడిగినది ఒక వాక్యంలో, తెలుసుకోవలసినది ఒక ప్రశ్నలో ఉంది. ‘ఐ రిక్వెస్ట్ దట్ ద ఎంట్రీ బి కరెక్టెడ్’ అన్నప్పుడు ‘ఈజ్ కరెక్టెడ్’ కాకుండా ‘బి’ రావడం గమనించండి, ఆ వాడుక ఇంగ్లీషులో ఇలాంటి విన్నపాలకు ఉన్న పద్ధతి. పాస్‌పోర్టు తేదీని బెదిరింపుగా కాక ఉన్న సంగతిగా చెప్పాం, తొందర ఎందుకో అధికారికే అర్థమవుతుంది. ధ్రువీకరణ ఇవ్వవలసిన ఇద్దరి సంగతి ముందే తెలిసి ఉంటే ఆ కాగితం కూడా ఇప్పుడే జతచేస్తే ఒక ఉత్తరప్రత్యుత్తరం తప్పుతుంది.

దీనికి ఒక హద్దు ఉంది. దరఖాస్తే పెట్టకుండా మెయిల్ మాత్రమే పంపితే, వాక్యాలు ఎంత చక్కగా ఉన్నా ఫైలు పుట్టదు. ఇలాంటి పనులకు మెయిల్ దరఖాస్తుకు తోడు, బదులు కాదు.

జవాబు రానప్పుడు

పదిహేను రోజుల దాకా జవాబు లేకపోతే మళ్లీ రాయాలి. ‘జెంటిల్ రిమైండర్’, ‘కైండ్ రిమైండర్’ అనే మాటలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటిలో మృదుత్వం ఉన్నట్టు చెప్పుకోవడమే ఉంది కానీ సమాచారం లేదు. పాత మెయిల్‌కే రిప్లై ఇచ్చి, ‘దిస్ ఈజ్ టు ఫాలో అప్ ఆన్ మై మెయిల్ ఆఫ్ 10 జూలై’ అని మొదలుపెట్టి, మునుపటి ప్రశ్ననే మళ్లీ వేయాలి. పాత మెయిల్ కింద ఉంటుంది కాబట్టి అంతా మళ్లీ రాయనక్కర్లేదు. ముగింపులో ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ అంటే జవాబు కోసం చూస్తున్నాను అని. ‘లుక్ ఫార్వర్డ్ టు హియర్’ అని మాత్రం రాయకండి, ‘టు హియరింగ్’ అనాలి. రెండోసారీ జవాబు లేకపోతే పై అధికారికి కాపీ పెట్టండి. మాటల్లో కరకుతనం అక్కర్లేదు, కాపీలో ఉన్న పేరే ఆ పని చేస్తుంది.

తెలుగులో రాస్తే

1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టంతో తెలుగు పాలనా భాష అయింది. తెలుగు రాష్ట్రాల మున్సిపల్, మండల కార్యాలయాలకు తెలుగులో రాయడానికి సంకోచించనక్కర్లేదు. తెలుగులో అయితే ఈ సమస్య చాలావరకు క్రియతోనే తీరిపోతుంది. ‘దయచేసి వెంటనే సరిచేయండి’ అనే బదులు ‘సరిచేయవలసిందిగా కోరుతున్నాను’ అంటే అందులోనే విన్నపం ఉంది, దయచేసి అక్కర్లేదు. సమాచారం అడిగేటప్పుడు ‘ఏ కాగితాలు జతచేయాలో తెలియజేయగలరు’ అంటే చాలు. విచక్షణ మీద ఆధారపడినది అడిగేటప్పుడు ‘గడువు పొడిగించే విషయం పరిశీలించగలరని మనవి’ అనవచ్చు. ‘సరిచేయవలెను’ అని మాత్రం రాయకండి. అది ఆదేశం, పౌరుడి మెయిల్లో ఇమడదు. ‘ప్రార్థిస్తున్నాను’ అన్న మాటను నిజంగా దయ కోరే సందర్భానికి ఉంచుకుంటే దాని బరువు దానికి ఉంటుంది.

మెయిల్ పంపే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ప్లీజ్, కైండ్లీ, దయచేసి అన్న మాటలన్నీ తీసేసి ఒకసారి చదవండి. ఎక్కడైనా ఆజ్ఞలా వినిపిస్తే ఆ వాక్యపు క్రియను మార్చండి. అడిగినది ఏమిటో తేలకపోతే దరఖాస్తు నంబరు, తప్పు, ఒప్పు, ఆధారం, తేదీ చేర్చండి. ఆ తర్వాత కూడా ఒక ప్లీజ్ ఉంచాలనిపిస్తే ఒక్కటి ఉంచండి, అంతకు మించి ఏ అధికారికీ అవసరం లేదు.